పెళ్లి భోజనానికి సరుకుల లెక్క: గుణించవలసింది ఆకులను, పిలుపులను కాదు

ప్రశ్న: *ఫిబ్రవరిలో మా అమ్మాయి పెళ్లి. బెంగళూరులో కల్యాణ మంటపం తీసుకున్నాం. గురువారం మధ్యాహ్నం ఆకు భోజనం, 500 మందిని పిలుస్తున్నాం. వంటమేస్త్రి కూలికి వస్తానన్నారు, సరుకులు మమ్మల్నే తెచ్చుకోమన్నారు. 100 మందికి ఇచ్చిన పట్టీని ఐదుతో గుణించి, పైన పది శాతం కలుపుకుంటే సరిపోతుందా?*

సరిపోదండీ. అలా చేస్తే కొన్ని బుట్టలకొద్దీ మిగిలిపోతాయి, మిగలకూడని చోట ఒకటి రెండు తక్కువపడతాయి. నా సమాధానం ముందే చెప్పేస్తాను.

గుణించవలసింది పిలిచినవాళ్ల సంఖ్యను కాదు, పరిచే ఆకుల సంఖ్యను. మీకు అది 420 దగ్గర తేలుతుందని నా అంచనా. అదనం అన్నిటికీ వద్దు. బియ్యం, కందిపప్పు, పెరుగు, ఈ మూడింటికే పది శాతం ఉంచండి. అది కూడా పొయ్యి ఎక్కించకుండా పక్కన ఉంచండి. కూరలకు, వేపుళ్లకు అదనం వద్దు. బూరెలు, అప్పడాలు లెక్కపెట్టి చేయించండి.

మాది చిత్తూరు జిల్లా. ఇరవై ఏళ్లకు పైగా బెంగళూరులో తెలుగువాళ్ల పెళ్లిళ్లకు వంటలు చేయిస్తున్నాను. మొదట్లో నేనూ మీలాగే గుణించేవాణ్ణి. ఒక మే నెలలో, 300 మంది గృహప్రవేశానికి, ప్రతి సరుకుకూ పది శాతం కలిపి తెప్పించాను. చివరి బంతి సగంలో పెరుగు అయిపోయింది. ఇంకా నలభై ఆకుల మీద చారన్నం ముగించి పెరుగు కోసం చూస్తున్నారు. ఆ బంతిలో కూర్చున్నది ఎవరో కాదు, పొద్దుటి నుంచి పనులు చూసుకుని ఆఖరున ఆకు వేసుకున్న ఇంటివాళ్లే. అప్పుడే వంటశాలలో రెండు పెద్ద తట్టల నిండా దొండకాయ వేపుడు ముట్టినవాళ్లు లేక మిగిలి ఉంది. పది శాతం అన్నిటికీ సమానమే, కానీ ఆకలి అన్నిటి మీదా సమానంగా ఉండదు. ఎండాకాలంలో మనిషి వేపుడు వదిలేసి పెరుగు రెండుసార్లు అడుగుతాడు. ఆ రోజు ఆ ఇంటి పెద్దావిడ ఉత్త చారన్నంతో లేచి వెళ్లడం నేను ఇప్పటికీ మరచిపోలేదు.

ముందు ఆకులు లెక్క వేయండి

శుభలేఖల జాబితా ముందు పెట్టుకుని పేర్లను మూడు రకాలుగా విడగొట్టండి. మీ 500 ఎలా ఉంటుందో నాకు తెలియదు కాబట్టి ఒక మాదిరి చూపిస్తాను, మీ జాబితాకు తగ్గట్టు మార్చుకోండి.

ఊరి నుంచి వచ్చి మంటపంలోనో చుట్టుపక్కలో దిగేవాళ్లు 160 మంది అనుకుందాం. వీళ్లలో ఎవరినీ తగ్గించకండి. రైలో బస్సో ఎక్కి వచ్చినవాళ్లు భోజనం చేయకుండా వెళ్లరు. బెంగళూరులోనే ఉన్న బంధువులు, దగ్గరి స్నేహితులు 200. గురువారం పని రోజు, పైగా ఊరి ఆ చివరి నుంచి ఈ చివరికి రావాలి, కాబట్టి ముప్పావు వంతు, 150. అపార్టుమెంటు వాళ్లు, ఆఫీసు వాళ్లు 140. రాత్రికి రిసెప్షన్ ఉంటే వీళ్లు అప్పుడే వస్తారు, మధ్యాహ్నానికి సగం అనుకోండి, 70. ఆదివారం అయితే ఈ రెండు లెక్కలూ పెంచవలసి ఉంటుంది. మొత్తం 380.

ఇక్కడితో ఆపేసేవాళ్లే ఎక్కువ. మేళగాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు, పురోహితులు, డ్రైవర్లు, వడ్డనవాళ్లు, వంటవాళ్లు, మంటపం పనివాళ్లు, వీళ్లందరికీ ఆకులు కావాలి. ఈ స్థాయి పెళ్లికి 40కి తక్కువ ఉండరు. పైగా వీళ్లు పొద్దుటి నుంచి కష్టపడి ఆఖరున తింటారు, నిండుగా తింటారు. వీళ్లను కలిపితే 420 ఆకులు.

ఇప్పుడు పిల్లలు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలు 60 మంది ఉంటే వాళ్లు తినేది సగం ఆకు. అంటే అన్నానికి 30 ఆకులు తగ్గించవచ్చు. అందుకే నేను రెండు అంకెలు రాసుకుంటాను. అన్నం, పప్పు, సాంబారు, పెరుగు 390 మీద. విస్తరాకులు, బూరెలు, అప్పడాలు 420 మీద. అన్నం సగం తినే పిల్లవాడు బూరె మాత్రం పూర్తిగా తింటాడు.

100 నిండు ఆకులకు నా పట్టీ

పులిహోర, పప్పు, గుత్తివంకాయ, ఒక వేపుడు, సాంబారు, చారు, బూరెలు, పెరుగు ఉన్న మామూలు మన పెళ్లి భోజనానికి ఇది:

- తెల్లన్నానికి బియ్యం 11 కిలోలు, పులిహోరకు 3 కిలోలు
- కందిపప్పు: ముద్దపప్పుకైనా ఆకుకూర పప్పుకైనా 3 కిలోలు, సాంబారుకు ఒకటిన్నర కిలోలు, చారుకు 400 గ్రాములు
- సాంబారు 15 లీటర్లు, చారు 8 నుంచి 10 లీటర్లు
- పెరుగు 11 లీటర్లు, ఏప్రిల్, మే నెలల్లో 14
- నెయ్యి ఒక కిలో

తీపి లేకుండా, పులిహోర లేకుండా పెట్టే భోజనమైతే తెల్లన్నం 13, 14 కిలోల దాకా పోతుంది. పక్కన ఎన్ని రకాలు చేరితే అన్నం అంత తగ్గుతుంది. వంటమేస్త్రులు చెప్పే అంకెల్లో తేడాలు ఎక్కువగా ఇక్కడే వస్తాయి. ఎవరి పట్టీ తీసుకున్నా, అది ఏ భోజనానికి వేసిన పట్టీయో అడగండి.

మీ 390కి తెల్లన్నం 43 కిలోలు, పులిహోర 12 కిలోలు, అదనం 5. మొత్తం 60 కిలోల బియ్యం. కందిపప్పు 19 కిలోలు, అదనం 2. పెరుగు 43 లీటర్లు, అదనం 5.

బియ్యం సోనా మసూరి పాతవి అడగండి, కనీసం ఏడాది నిలవ ఉన్నవి. పాత బియ్యం నీళ్లు బాగా పీల్చి ఒదుగుతాయి, పలుకు విడివిడిగా ఉంటుంది. కొత్త బియ్యం అదే తూకానికి అన్నం తక్కువ ఇస్తాయి, పైగా గుండిగలో అడుగున ముద్దకడతాయి. కొనే ముందు పావుకిలో ఇంటికి తెచ్చి వండి చూడండి. కొట్లో చెప్పే మాట కంటే ఆ గిన్నె మెరుగు.

కూరగాయలు: కొన్ని తూకానికి, కొన్ని లెక్కకు

గుత్తివంకాయకు తూకంతో మొదలుపెట్టవద్దు. ఆకుకు రెండు కాయలు, 420 ఆకులకు 840 కాయలు. చిన్న నల్ల వంకాయలు కిలోకు 25 నుంచి 30 తూగుతాయి. 30, 31 కిలోలు వస్తుంది. కోసి చూసేసరికి పుచ్చులు తేలతాయి కాబట్టి 34 కిలోలు తెచ్చుకోండి. కళాసిపాళ్యం మార్కెట్టుకు తెల్లవారుజామున వెళ్తే ఒకే పరిమాణం కాయలు ఏరుకునే వీలుంటుంది. ఒక బుట్టలో చిన్నవి, ఒక బుట్టలో పెద్దవి వస్తే మసాలా కూరడంలో లెక్క తప్పుతుంది, ఉడకడంలోనూ తేడా వస్తుంది.

వేపుడు విషయంలో మనసులో ఉంచుకోవలసింది కూర ఎంత ఇగిరిపోతుందన్నది. బెండకాయలు 10 కిలోలు వేపితే చేతికి వచ్చేది సగానికి కాస్త ఎక్కువ. ముచ్చికలు, కొసలు ముందే పోతాయి. మీకు ఆకుకు మూడు నాలుగు చెంచాల బెండకాయ వేపుడు కావాలంటే 42, 43 కిలోలు కొనాలి, వాటిని తుడిచి తరగడానికి రాత్రంతా నలుగురు కూర్చోవాలి. తడి తుడవకుండా తరిగితే జిగురు వచ్చి వేపుడు పాడవుతుంది. అదే బీన్స్ కొబ్బరి కూర అయితే ఇంత ఇగరదు, 28 నుంచి 30 కిలోలు చాలు. నన్నడిగితే 400 ఆకులు దాటినప్పుడు బెండకాయ పెట్టను. ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడితే పెడతాను, కానీ తరిగేవాళ్లను అదనంగా పిలిపించుకోమంటాను.

కూరలకు అదనం ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి. కూర తగ్గిందని ఎవరూ ఆకు ముందు నుంచి లేవరు. పప్పు, సాంబారు ఉంటే భోజనం సాగిపోతుంది. ఆఖరి బంతిలో వంకాయ అయిపోతే పచ్చడి ఇంకో చెంచా వేస్తారు. అన్నం, పెరుగు అయిపోతే మాత్రం దానికి బదులు వేయడానికి ఏమీ లేదు.

బూరెలు ఆకుకు రెండు అంటారు. వడ్డించేటప్పుడు ఒకటి వేసి, రెండోది అడిగినవాళ్లకు వేయమనండి. సగటున ఒకటిన్నర పోతుంది. 420 ఆకులకు 630, విరిగేవాటికి మరో 30. కిలో శనగపప్పు, కిలో బెల్లంతో 80 బూరెలు వస్తాయి. అంటే 8 కిలోల పావు చొప్పున రెండూ. తోపుకు బియ్యం, మినపప్పు వేరు. ఆకులో రెండూ ఒకేసారి వేసేస్తే మధుమేహం ఉన్న పెద్దవాళ్లు ఒకటి కొరికి మిగతాది వదిలేస్తారు, ఎంగిలాకుల్లో బూరెలు కనిపించడం ఎవరికీ బాగుండదు.

గుణించకూడనివి

నీళ్లు, నూనె, పోపు సామాను, కారం, ఉప్పు. వీటిని నేరుగా గుణిస్తే రుచి చెడుతుంది.

ఇంట్లో రెండు లీటర్ల సాంబారు అరగంట మరిగితే పావు వంతు దాకా ఇగిరిపోతుంది. ఆ అలవాటుతోనే నీళ్లు పోస్తాం. మీ 58 లీటర్ల సాంబారు మరిగే అండాలో ఆవిరి పోయేది పైనుంచే. పాత్ర పెద్దదయ్యేకొద్దీ లోతు పెరుగుతుంది కానీ మూతి అదే లెక్కన పెరగదు, కాబట్టి పోయే నీళ్లు చాలా తక్కువ. ఇంటి కొలతను ముప్పైతో గుణించి పోస్తే సాంబారు నీళ్లలా తేలుతుంది. అప్పుడు చిక్కబడటానికి పిండి కలుపుతారు, రుచి అక్కడితో పోతుంది. నీళ్లు ఐదో వంతు తగ్గించి మొదలుపెట్టమనండి. చివర్లో కాగిన నీళ్లు పోసుకోవడం ఎప్పుడైనా సులువే.

అంత పాత్రలో వేడి గంటల తరబడి నిలుస్తుంది. ఆ సేపంతా చింతపండు పులుపు, మిరపకాయ ఘాటు దిగుతూనే ఉంటాయి. పది గంటలకు సరిగ్గా ఉన్న సాంబారు ఒంటిగంటకు కారమెక్కుతుంది. అందుకని కారం, చింతపండు, ఇంగువ లెక్కకు వచ్చినదానిలో ముప్పావు వంతు వేయించి, మొదటి బంతికి అరగంట ముందు ఒక గరిటె అన్నంలో కలిపి రుచి చూస్తాను. ఉత్తగా చప్పరించి చూస్తే మోసపోతాం, అన్నంలో కలిస్తేనే ఉప్పు తెలుస్తుంది.

నూనెది వేరే లెక్క. బూరెలు, అప్పడాలు వేయించే పెద్ద బాణలికి 8 లీటర్లు పోయాల్సిందే, 200 మందైనా 400 మందైనా. అది స్థిరం. మిగతా వంటకు 100 ఆకులకు 4 లీటర్లు. మీకు 15 లీటర్ల డబ్బా ఒకటి, మరో 10 లీటర్లు సరిపోతుంది.

అదనాన్ని వండకుండా ఎందుకు ఉంచాలి

వండిన అన్నం మిగిలితే దానికి దారి లేదు. మూటలోని బియ్యం మిగిలితే ఇంటికి వెళ్తుంది. ఎసరు కాగుతూ సిద్ధంగా ఉంటే 10 కిలోల బియ్యం అరగంటలో ఉడికించి వార్చవచ్చు. అందుకే మొదటి బంతికి ముందు మొత్తంలో 60 శాతమే వండించండి. ఒక పొయ్యి మీద ఎసరు ఎప్పుడూ కాగుతూనే ఉండాలి. గ్యాసు సిలిండరు ఒకటి అదనంగా తెప్పించండి, ఆఖరి వాయిలో గ్యాసు అయిపోవడం నేను చూశాను.

మొదటి బంతి లేవగానే నేను చేసే పని ఒకటుంది. మీ హాల్లో ఒకసారికి 150 మంది కూర్చుంటారనుకుందాం. 43 కిలోలు 420 ఆకులకు అంటే ఆకుకు 102 గ్రాముల బియ్యం. మొదటి బంతికి 15 కిలోల బియ్యపు అన్నం పోవాలి. వాయికి ఎన్ని కిలోలు పోశారో వంటవాళ్లకు తెలుసు కాబట్టి ఖాళీ అయిన గుండిగలు చూస్తే ఎంత పోయిందో తెలిసిపోతుంది. 13 కిలోలే పోయిందంటే అదనపు మూట విప్పనవసరం లేదు. 18 పోయిందంటే ఆకుకు 120 గ్రాములు. మిగిలిన 270 ఆకులకు 32 కిలోలు కావాలి. మొత్తం 50. మీ దగ్గర అదనంతో కలిపి ఉన్నది 48. అంటే గంటన్నర ముందే మీకు సంగతి తెలిసిపోయింది, పక్క కొట్టు నుంచి 5 కిలోలు తెప్పించుకోవచ్చు. ఆఖరి బంతిలో తెలిస్తే ఏమీ చేయలేరు.

కానీ మనిషిని కొట్టుకు పంపే ముందు మడిచిన ఆకులు ఒకసారి విప్పి చూడండి. ఆకుల్లో అన్నం మిగిలి ఉంటే తక్కువైంది అన్నం కాదు, వడ్డన బరువుగా ఉంది. ఒక మంటపంలో వడ్డించే కుర్రవాడు పళ్లెంతో ఒక్కసారే దిమ్మరిస్తుంటే ప్రతి ఆకులో రెండు పిడికిళ్ల అన్నం పోతోంది. చిన్న హస్తం ఇచ్చి, రెండుసార్లు తిరగమన్నాను. తరువాతి బంతిలో మూడు కిలోల బియ్యం ఆదా అయింది, తిన్నవాళ్లకూ వేడి అన్నం రెండుసార్లు అందింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. మీ కడబంతిలో కూర్చునేది మీరే, మీ అన్నదమ్ములే, పనివాళ్లే. వాళ్లకు అన్నం ఉంటుందా లేదా అన్నది మొదటి బంతి వడ్డనలోనే తేలిపోతుంది.

పెరుగుకు ఈ వెసులుబాటు లేదు. అప్పటికప్పుడు తోడు పడదు. ఫిబ్రవరిలో బెంగళూరు రాత్రులు చల్లగా ఉంటాయి కనుక పాలు గోరువెచ్చగా ఉండగానే తోడు వేసి, పాత్రల చుట్టూ గోనె పట్టాలు కప్పి, పొయ్యిల దగ్గరే ఉంచమనండి. తోడు మామూలు కంటే కాస్త ఎక్కువ వేయాలి. రాత్రి 8 గంటలకల్లా తోడు వేయాలి, 11కి వేస్తే పొద్దున్నే నీళ్లపెరుగు వస్తుంది. అదనపు 5 లీటర్లు మాత్రం ప్యాకెట్ల పెరుగు తెచ్చి చల్లని పెట్టెలో ఉంచండి. అవసరమైతేనే కత్తిరించండి. కన్నడ స్నేహితులు, చుట్టుపక్కలవాళ్లు ఎక్కువగా వచ్చే పెళ్లి అయితే చారు, మజ్జిగ నేను కొంత పెంచుతాను, పప్పు ఆ మేరకు తగ్గిస్తాను.

ఎంత జాగ్రత్తపడ్డా కొంత మిగులుతుంది. దానికి పెళ్లికి ముందే ఒక అనాథాశ్రమంతోనో వృద్ధాశ్రమంతోనో మాట్లాడి పెట్టుకోండి. వడ్డన తట్టల్లోకి రాని, గుండిగలోనే ఉన్న ఆహారాన్ని మాత్రమే, వేడిగా ఉండగానే పంపాలి. సాయంత్రం దాకా మంటపంలో ఉన్న అన్నం, కొబ్బరి వేసిన కూర ఎవరికీ పెట్టకండి. వాసన బాగానే ఉన్నా కడుపు చెడుతుంది.

విస్తరాకులు 460 చెప్పండి, చినిగినవి తీసేస్తే 420 మిగులుతాయి. అప్పడాలు 550.

పెళ్లికి మూడు రోజుల ముందు జాబితా పట్టుకుని ఆకుల లెక్క మళ్లీ వేయండి. రానన్నవాళ్లు వస్తామంటారు, వస్తామన్నవాళ్లు మానుకుంటారు. అప్పుడు 30 ఆకులు పెరిగాయనుకోండి, పట్టీ మొత్తం తిరగరాయనక్కర్లేదు. బియ్యం 4 కిలోలు, కందిపప్పు ఒకటిన్నర కిలోలు, పెరుగు 3 లీటర్లు, వంకాయలు 60, బూరెలకు శనగపప్పు, బెల్లం చెరి 600 గ్రాములు కలపండి. నూనె, పోపు సామాను ముట్టుకోకండి.